"ఏమంటివి ఏమంటివి" మీమ్ మా ఆఫీసు గ్రూపులో ఎందుకు పేలలేదు?

మధ్యాహ్నం షిఫ్టు

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మూడు రోజులు సెలవు కావాలని మా టీమ్ లీడ్‌ను అడిగితే, ఆ వారమే రిలీజ్ ఉందని, కుదరదని చెప్పారు. ఆయనా తెలుగువారే, సరదా మనిషే. అందుకని కోపంగా మెయిల్ పెట్టడం కంటే నవ్వించి అడగడం మేలనుకుని, 'దానవీరశూరకర్ణ'లో ఎన్టీఆర్ బొమ్మ ఒకటి తీసుకుని, మా భోజనాల గ్రూపులో ఈ మాటలతో పెట్టాను. మొత్తం పదకొండు మందిమి, అందరమూ తెలుగువాళ్ళమే.

"ఏమంటివి ఏమంటివి? లీవ్ ఇవ్వనంటివా? ఈ ప్రాజెక్టులో మూడేళ్ళుగా రాత్రింబవళ్ళు పని చేస్తున్న నాకు పండుగకు కూడా సెలవు ఇవ్వకపోవడం చాలా అన్యాయం."

ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. ఒకమ్మాయి "నిజంగానే బాధపడుతున్నారా?" అని విడిగా సందేశం పంపింది. సాయంత్రం లీడ్ నన్ను పక్కకు పిలిచి, "ఏదైనా ఇబ్బంది ఉంటే నాతో నేరుగా చెప్పవచ్చు కదా" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. తెలుగువాళ్ళలో ఆ డైలాగు తెలియనివారు ఉండరు కదా, మరి ఎక్కడ తప్పు జరిగింది?

కాకినాడ కాజా

తప్పు స్పష్టంగా కనిపిస్తోంది తమ్ముడూ. గ్రాంథికంలో మొదలుపెట్టి మధ్యలో వ్యావహారికంలోకి జారిపోయావు. "చాలా అన్యాయం" అని దుర్యోధనుడు అంటాడా? ఆ డైలాగు బలమంతా గ్రాంథికంలోనే ఉంది కాబట్టి మొదటి నుంచి చివరిదాకా గ్రాంథికమే ఉండాలి. నేనైతే ఇలా రాసేవాణ్ణి: "ఓరీ ప్రాజెక్టు నిర్వాహకాధమా! మకర సంక్రమణ పుణ్యకాలమున స్వగ్రామమునకేగి మాతాపితరుల దర్శనభాగ్యమునొంద నుద్యుక్తుడనగు నాకు విరామ దినత్రయమును నిరాకరింతువా?" ఎంత గంభీరంగా రాస్తే అంత నవ్వు వస్తుంది.

తెరవెనుక

కాజా గారు చెప్పినదాంట్లో సగం నిజం. భాష మధ్యలో జారిపోయిన మాట వాస్తవమే. కానీ ఆయన రాసిన వాక్యాన్ని ఫోనులో బొమ్మ మీద ఊహించుకోండి. "ఉద్యుక్తుడనగు" దగ్గరకు వచ్చేసరికి చదివేవాడు తరువాతి సందేశానికి వెళ్ళిపోయి ఉంటాడు. పైగా ఆ వాక్యం ఏ సినిమాలోదీ కాదు. బొమ్మలో ఎన్టీఆర్ ఉన్నా ఆ మాటలు ఆయన గొంతులో వినిపించవు.

సినిమా బొమ్మలతో చేసే మీమ్‌లలో రెండు రకాలున్నాయి. బ్రహ్మానందం గారి బొమ్మలు ఎక్కువగా మొదటి రకంలోకి వస్తాయి. వాటికి డైలాగు అక్కర్లేదు. ముఖమే మాట్లాడుతుంది, మనం చేయవలసిందల్లా పైన సందర్భం రాయడమే. "సోమవారం ఉదయం తొమ్మిదింటికి మీటింగ్ పెట్టారని తెలిసినప్పుడు" అని రాసి ఆయన ముఖం పెడితే చాలు, అది ఏ సినిమాలోదో తెలియకపోయినా నవ్వుతారు. మీరు ఎంచుకున్నది రెండో రకం. ఇందులో నవ్వించేది ముఖం కాదు, వాక్యం. బొమ్మకు శబ్దం లేదు కాబట్టి చదివేవారే తమ మనసులో ఆ గొంతును మోగించుకోవాలి. అలా మోగాలంటే అసలు వాక్యపు నడక చెక్కు చెదరకూడదు. పదాలు మార్చవచ్చు గాని ఎముకలు మార్చకూడదు.

ఇక అసలు డైలాగు చూడండి. "ఏమంటివి ఏమంటివి? జాతి నెపమున సూతసుతునకిందు నిలువ అర్హత లేదందువా? ఎంత మాట! ఎంత మాట! ఇది క్షాత్ర పరీక్షయే గాని క్షత్రియ పరీక్ష కాదే!" దీని నిర్మాణం ఎలా ఉందో గమనించండి. మొదట అవతలివాడి అభ్యంతరాన్ని అతని మాటగానే తిరిగి అతనికి వినిపిస్తాడు. "ఫలానా నెపమున ఫలానావాడికి అర్హత లేదందువా" అన్నది ఆ భాగం. తరువాత రెండుసార్లు ఆశ్చర్యపోతాడు. ఆ తరువాతే దెబ్బ కొడతాడు: "ఇది ఇదే గాని అది కాదే". మీ మీమ్‌లో "ఏమంటివి" ఒక్కటే మిగిలింది. "నెపమున" లేదు, "అందువా" లేదు, దెబ్బ అసలే లేదు. దెబ్బ ఉండవలసిన చోట మీరు నిజమైన ఫిర్యాదు రాశారు. మూడేళ్ళు, రాత్రింబవళ్ళు, అన్యాయం... ఇవన్నీ చదివిన ఎవరికైనా ఎన్టీఆర్ కాక మీరే కనిపిస్తారు. ఆ అమ్మాయి విడిగా సందేశం పంపిందంటే ఆశ్చర్యం లేదు.

అత్తింటి అల్లుడు

ఫ్యామిలీ గ్రూపు సంగతి వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. మా అత్తగారు పండుగకు అందరూ పట్టుబట్టలే కట్టుకోవాలని గ్రూపులో రాశారు. నేను 'బాహుబలి'లో సింహాసనం మీద కూర్చున్న శివగామి బొమ్మ పెట్టి, కింద "నా మాటే శాసనం" అని రాశాను. మెచ్చుకోలుగానే పెట్టాను, రమ్యకృష్ణ గారంటే మా అత్తగారికి ఎంతో ఇష్టం కూడాను. అయినా మూడు రోజులు నాతో మాట్లాడలేదు. "అల్లుడు నన్ను రాక్షసిని చేశాడు" అని మా ఆవిడతో అన్నారట. ఇలాంటప్పుడు సందేశాన్ని తొలగిస్తే మంచిదా, క్షమాపణ చెప్పాలా?

తెరవెనుక

అండీ, ఇక్కడ ఫ్యామిలీ గ్రూపు సంగతి ఎవరూ ఎత్తలేదు గాని, మీ ఉదాహరణ చర్చకు పనికి వస్తుంది. ఆ డైలాగును మీరు ఆమె నోట పెట్టారు. మీమ్‌లో ముఖం ఎవరిదైతే ఆ మాట వారిదవుతుంది. "నా మాటే శాసనం" అని మీ గురించి మీరు పెట్టుకుని, పక్కనే ఇంట్లో మీ మాట ఎవరూ వినరన్న సంగతి రాసి ఉంటే మీ అత్తగారే మొదట నవ్వేవారు. ఉదాహరణకు, టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించే అధికారం తనకు ఉందనుకునే అల్లుడి గురించి ఆ బొమ్మ పెట్టవచ్చు. పెద్ద డైలాగును చిన్నవాడు వాడితే నవ్వు వస్తుంది. అధికారం ఉన్నవారి మీద అదే అధికారపు డైలాగు పెడితే అది వ్యాఖ్యానం అవుతుంది. తొలగించడం గురించి నన్ను అడిగితే, మూడు రోజుల తరువాత తొలగించడం వల్ల ప్రయోజనం లేదు. పట్టుబట్టలు కట్టుకుని వెళ్ళండి.

తెలుగు టీచరమ్మ

తెరవెనుక గారు నిర్మాణం చక్కగా చెప్పారు. దానికి ఒక్క మాట చేరుస్తాను. "క్షాత్ర పరీక్షయే గాని క్షత్రియ పరీక్ష కాదే" అన్నప్పుడు చెవికి ఆనేది రెండు పదాల పోలిక. క్షాత్రమంటే పరాక్రమం, క్షత్రియమంటే కులం. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే, వినడానికి దాదాపు ఒకటే, అర్థంలో మాత్రం ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి. మాటలు రాసిన కొండవీటి వెంకటకవి గారు సంస్కృతాంధ్రాలలో దిట్ట. ఆయన వాదన మొత్తం ఆ కొద్దిపాటి తేడా మీద నిలబెట్టారు. అందువల్ల మీమ్ చేసేవారు కూడా అలాంటి జంటను వెతుక్కోవాలి. కేవలం "ఇది ఆఫీసే గాని జైలు కాదే" అంటే వాక్యం సరిపోతుంది, కానీ చెవికి ఏమీ తగలదు.

సెలవు విషయంలో ఆ జంట తెలుగులో సిద్ధంగానే ఉంది. "సెలవు" అంటే విరామం, "సెలవిక" అంటే వీడ్కోలు. కాబట్టి ఇలా రాయవచ్చు:

"ఏమంటివి ఏమంటివి? రిలీజు నెపమున పండుగకు ఊరేగ అర్హత లేదందువా? ఎంత మాట! ఎంత మాట! ఇది సెలవు లేఖయే గాని సెలవిక లేఖ కాదే!"

"రిలీజు" అన్న ఇంగ్లీషు మాటను కావాలనే ఉంచాను. కాజా గారిలా దానిని కూడా సంస్కృతీకరిస్తే ఆఫీసు మాయమైపోతుంది. గ్రాంథికపు వాక్యంలో ఒకే ఒక్క ఆఫీసు మాట ఇరుక్కుని బిక్కమొహం వేసుకుని కనిపించాలి.

కాకినాడ కాజా

టీచరమ్మ గారూ, ఒప్పుకుంటున్నాను. "సెలవిక లేఖ" దగ్గర నేను గట్టిగా నవ్వితే మా ఆవిడ వచ్చి చూసింది. అయితే "ఊరేగ" అంటే ఊరేగింపు గుర్తుకు రావడం లేదా?

తెలుగు టీచరమ్మ

వస్తోంది. నేను ఊరికి ఏగడం అనుకుని రాశాను, చదివేవారికి పల్లకీ కనిపిస్తుంది. "ఇంటికేగ" అని మారుద్దాం. ఇలాంటివి పైకి చదివితేనే బయటపడతాయి.

వరంగల్ వాసి

చర్చ బాగుంది గాని నాకు మొదటి నుంచీ ఒక ఇబ్బంది ఉంది. చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆ సన్నివేశం దేని గురించి? ప్రతిభ ఉండి, ఎదురు నిలబడి పోటీ చేయగలవాడిని పుట్టుక అడిగి అవమానించడం గురించి. దుర్యోధనుడు అక్కడితో ఆగడు. ఆచార్యుడిని "మట్టికుండలో పుట్టితివి కదా, నీది ఏ కులము" అని అడుగుతాడు, భీష్ముడి పుట్టుక, వశిష్ఠుడి పుట్టుక ఒక్కొక్కటిగా తవ్వుతాడు. 1977లో తెర మీద ఆ ప్రశ్నలు విని మా నాన్నగారి తరం ఈలలు వేసింది వినోదం కోసమే కాదు. ఇప్పుడు దానిని తెచ్చి మూడు రోజుల సెలవుకు, రిలీజు తేదీకి అంటగడితే, కొన్నాళ్ళకు పిల్లలకు ఆ డైలాగు అంటే సెలవు జోకు మాత్రమే గుర్తుంటుంది. "సూతసుతుడు" అన్న మాట తీసేసి అక్కడ "సాఫ్ట్‌వేర్ ఇంజనీరు" అని పెట్టిన మీమ్ కూడా నేను చూశాను. అది నాకు నవ్వు తెప్పించలేదు.

తెరవెనుక

మీ అభ్యంతరం న్యాయమైనదే. నేను దానిని పూర్తిగా తోసిపుచ్చలేను. నాకు తోచినది ఇది. నిజంగా బరువున్న మాట అయితేనే దానిని చిన్న విషయానికి వాడినప్పుడు నవ్వు వస్తుంది, బరువు లేని మాటను ఎవరూ మీమ్ చేయరు. నవ్వేవాడికి ఆ బరువు ఎక్కడో తెలిసే ఉంటుంది. "కత్తులతో కాదురా, కంటి చూపుతో చంపేస్తా" అన్న 'నరసింహనాయుడు' మాటను, అతిథుల ముందు రెండో లడ్డూ తీసుకోబోయిన కొడుకును చూసే తల్లికి పెడతాం. అక్కడ చావు మాట ఉంది, అయినా ఎవరూ బాధపడరు. కానీ కులం సంగతి చావు కంటే వేరని మీరంటే, దానికి నా దగ్గర జవాబు లేదు.

వరంగల్ వాసి

వేరే అనే అంటాను. చావును గురించి ఆఫీసులో ఎవరూ ఎవరినీ అడగరు. ఇంటిపేరు అడిగి పుట్టుక తెలుసుకునే ప్రయత్నం మాత్రం మా ఆఫీసులో నిరుడు కూడా జరిగింది. ఆ పక్క బల్ల మీదే ఈ మీమ్ తిరుగుతుంటే చదివే పదకొండు మందిలో ఒకరికి అది వేరుగా తగలవచ్చు. టీచరమ్మ గారు రాసిన దాంట్లో "జాతి నెపమున" బదులు "రిలీజు నెపమున" అని ఉంది కాబట్టి అది కొంత నయం. నేను అడిగేది ఒక్కటే, "సూతసుతుడి" స్థానంలో ఎవరినీ కూర్చోబెట్టకండి.

డల్లాస్ బాబాయి

నేను ఇక్కడ ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను. వరంగల్ వాసి గారు అన్నదానికి సంబంధించి నాకు ఇంకొక సంగతి గుర్తుకు వచ్చింది, ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. ఆ సన్నివేశంలో దుర్యోధనుడు తన కోసం వాదించుకోవడం లేదు కదా! అవమానపడినవాడు కర్ణుడు. అతను మాట్లాడడు. అతని తరఫున ఇంకొకడు లేచి మాట్లాడతాడు, ఆ వెంటనే అంగరాజ్యం ఇస్తాడు. మధ్యాహ్నం షిఫ్టు గారు మాత్రం తన సెలవు కోసం తానే దుర్యోధనుడై లేచారు. అందుకే అది డాబుగా, నిష్ఠూరంగా వినిపించి ఉంటుంది.

మా ఇంట్లో ఇది ఒకసారి బాగా పేలింది. మా నాన్నగారికి మధుమేహం. ఉగాదికి ఆయన వచ్చినప్పుడు మా ఆవిడ బొబ్బట్లు చేసి ఆయన ఆకులో మాత్రం వేయలేదు. ఆయన ఏమీ అనకుండా అందరి ఆకుల వంకా చూస్తూ కూర్చున్నారు. మా పెద్దబ్బాయి బల్ల కిందనే ఫోనులో టైపు చేసి, భోజనం ముగిసేలోపు గ్రూపులో పెట్టాడు: "ఏమంటివి ఏమంటివి? మధుమేహ నెపమున తాతగారికి బొబ్బట్టు తిన అర్హత లేదందువా? ఎంత మాట! ఎంత మాట! ఇది పండుగ భోజనమే గాని పథ్య భోజనము కాదే!" ఫోనులు ఒక్కసారి మోగాయి. మా నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని, అందరికీ వినపడేలా, ఎన్టీఆర్ గొంతుతో చదివారు. మా ఆవిడ సగం బొబ్బట్టు వేసింది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లవాడికి "పథ్య భోజనం" ఎలా తట్టిందని అడిగితే, నాన్నమ్మ రోజూ అనే మాటే అన్నాడు.

తెరవెనుక

బాబాయి గారూ, ఇన్నేళ్ళుగా మీమ్‌లు చేస్తున్న నాకు ఇది తట్టలేదు. మీ అబ్బాయి తాతగారి తరఫున లేచాడు, తాతగారు కర్ణుడిలా నోరు విప్పలేదు, అందుకే అది ఆ సన్నివేశానికి సరిగ్గా అతికింది. చివరికి సగం బొబ్బట్టు అంగరాజ్యం. అంటే మధ్యాహ్నం షిఫ్టు గారి మీమ్‌ను ఆయన కాక, ఆయన పక్కన కూర్చునే సహోద్యోగి పెట్టి ఉండవలసింది.

మధ్యాహ్నం షిఫ్టు

మీరందరూ ఇంత లోతుగా వెళ్తారనుకోలేదు. ఒక సందేహం. మా టీమ్‌లోకి వచ్చే నెల హిందీవాళ్ళు ముగ్గురు, తమిళులు ఇద్దరు వస్తున్నారు. అప్పుడు ఈ డైలాగు పనికిరాదు కదా?

డల్లాస్ బాబాయి

పనికిరాదు. 1977 నాటి గ్రాంథికం తెలుగు రానివారికి ఏ రకంగానూ అందదు. మా ఆఫీసులో అలాంటప్పుడు 'పుష్ప' వాడతారు. 2021లో అది హిందీ, తమిళం వంటి భాషలలోనూ వచ్చింది కాబట్టి, తెలుగువాడు "తగ్గేదేలే" అంటే హిందీవాడికి "ఝుకేగా నహీ" వినిపిస్తుంది, గడ్డం కింద చేయి ఇద్దరికీ ఒకటే. ఆ బొమ్మకు మాట కూడా అక్కర్లేదు. అయితే అది ఎంత మందికి అందుతుందో అంత త్వరగా అరిగిపోయింది కూడా. బడ్జెట్ తగ్గించమంటే తగ్గేదేలే, బరువు తగ్గమంటే తగ్గేదేలే... ఒక దశలో మా డెంటిస్టు గోడ మీద కూడా చూశాను.

తెలుగు టీచరమ్మ

అరిగిపోవడానికి కారణం అది ఒకే మాట కావడమే. దానిలో మార్చడానికి చోటు లేదు, సందర్భాన్ని మాత్రమే మార్చగలం. "ఏమంటివి" వాక్యంలో నాలుగు ఖాళీలున్నాయి: నెపం, మనిషి, పని, చివరి జంట. ఒక్కొక్కరు ఒక్కో విధంగా నింపుకోవచ్చు. 'మాయాబజార్'లో "వెయ్ వీడికో వీరతాడు" 1957 నుంచి నేటికీ వాడుకలో ఉన్నదంటే, ప్రతి ఆఫీసులోనూ ఎవడో ఒకడు వీరతాడుకు తగిన పని చేస్తూనే ఉంటాడు కాబట్టి. ఆ మాట అన్నది ఘటోత్కచుడని తెలియనివారు కూడా వేస్తూనే ఉన్నారు.

ఒత్తులమ్మ

ఆలస్యంగా వచ్చాను. అందరూ మాటల గురించే చెప్పారు, అక్షరాల సంగతి ఎవరూ చూడలేదు. మొదటి పోస్టులోని బొమ్మను పెద్దది చేసి చూశాను, "ప్రాజెక్టులో" అన్నచోట "క్టు" విడిపోయి "క్‌టు"లా కనిపిస్తోంది. కాబోయే మీమ్‌లో "అర్హత", "క్ష" కూడా ఉంటే అవి ఇలాగే చెడిపోతాయి. చదివేవాడు ఒత్తు దగ్గర ఒక్క క్షణం తడబడితే గొంతు ఆగిపోతుంది, నవ్వు అక్కడే చచ్చిపోతుంది.

ఫోటోషాప్ పాత వెర్షన్‌లో చేస్తున్నట్లయితే Preferences లో Type అన్న చోట World-Ready Layout ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు ఇలాగే విడిపోతాయి. ఫోనులో చేసే యాప్‌లలో కొన్నింటికి ఆ సమస్య ఉండదు. పంపే ముందు "క్ష" రాసి చూసుకుంటే తెలిసిపోతుంది. ఇక అక్షరాల రూపం. మీరు వాడింది సన్నని, గుండ్రని అక్షరం. ఆ డైలాగుకు అది చాలదు. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే రామభద్ర బాగా లావుగా ఉంటుంది, తెల్లని అక్షరానికి నల్లని అంచు పెట్టినా ఒత్తులు పూడిపోకుండా వరుసల మధ్య కొంచెం ఎక్కువ చోటు వదిలితే సరిపోతుంది. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు మీమ్‌లో వదిలినంత చోటు మనకు చాలదు. అదే చోట ఎన్టీఆర్ పేరుతో కూడా ఒక ఫాంటు ఉంది గాని, పేరు చూసి మోసపోకండి, అది ఈ పనికి పలచన.

ఇంకొక మాట. మీరు పెట్టిన బొమ్మలో ఆయన తల మీద నెమలి పింఛం ఉంది.

కాకినాడ కాజా

అయ్యో! అది శ్రీకృష్ణుడు!

తెరవెనుక

ఇంత చర్చలో నేను కూడా బొమ్మను సరిగా చూడలేదు. ఆ సినిమాలో ఎన్టీఆర్ కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడు వేషాలూ వేశారు, దర్శకత్వమూ ఆయనదే. సినిమా పేరు కొట్టి వెతికితే మూడు ముఖాలూ కలిసే వస్తాయి. మీ మీమ్‌లో చిరునవ్వుతో ఉన్న కృష్ణుడు "ఏమంటివి" అంటున్నాడన్నమాట. పదకొండు మందిలో ఎవరూ అది చెప్పలేదంటే వారు బొమ్మను కాదు, మీ ఫిర్యాదునే చదివారు.

అత్తింటి అల్లుడు

నాకు ఇప్పుడు అర్థమైంది. నేను కూడా శివగామి బొమ్మ ఏది పెట్టానో మళ్ళీ చూశాను. అది బాలుడిని చేతిలో ఎత్తుకున్న సన్నివేశం కాదు, కోపంగా తీర్పు చెప్పేటప్పటిది. మొదటిది పెట్టి ఉంటే గొడవ అయ్యేది కాదేమో.

మధ్యాహ్నం షిఫ్టు

నిన్న జరిగినది చెప్పి ముగిస్తాను. కృష్ణుడిని తీసేసి, గద పట్టుకున్న దుర్యోధనుడిని వెతికి పెట్టుకున్నాను. వరంగల్ వాసి గారి మాట మన్నించి "సూతసుతుడి" చోట ఎవరి పేరూ పెట్టలేదు. బాబాయి గారి సలహా ప్రకారం నేను పంపలేదు, నా పక్క సీటులో కూర్చునే మిత్రుడికి మీమ్ ఇచ్చి అతని చేత పంపించాను. "ఏమంటివి ఏమంటివి? రిలీజు నెపమున మా మిత్రునకు పండుగకు ఇంటికేగ అర్హత లేదందువా? ఎంత మాట! ఎంత మాట! ఇది సెలవు లేఖయే గాని సెలవిక లేఖ కాదే!"

మొదట నవ్వింది ఆ రోజు విడిగా సందేశం పంపిన అమ్మాయే. తరువాత అరగంట పాటు అందరూ తమ తమ నెపాలతో వాక్యాలు రాస్తూ కూర్చున్నారు. లీడ్ సాయంత్రం ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడి బొమ్మ పెట్టి, నా మిత్రుడికి ఒక వీరతాడు వేయించారు. నాకు మాత్రం రెండు రోజులే సెలవు ఇచ్చారు. మూడో రోజు ఇంటి నుంచి పని చేయాలట.

వరంగల్ వాసి

సంతోషం. అయితే ఆ అరగంటలో మిగతావారు ఏమేమి రాశారో కూడా చెప్పండి. నా భయం మీ వాక్యం గురించి కాదు, దాని వెనకాల వచ్చే వాటి గురించి.

మధ్యాహ్నం షిఫ్టు

దాదాపు అన్నీ బాగానే ఉన్నాయి. క్యాబ్ ఆలస్యమైన నెపమున, ఏసీ చలి నెపమున... ఒకటి మాత్రం మీరు అన్నట్టే వచ్చింది, కొత్తగా చేరిన కుర్రాడి ఊరు పేరు పెట్టి. ఎవరూ నవ్వలేదు, రాసినవారే రెండు నిమిషాలలో తీసేశారు. ఆ కుర్రాడు అప్పటికే చూశాడో లేదో తెలియదు. అడగాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఒత్తులమ్మ

కొత్త బొమ్మ చూశాను. "అర్హత" చక్కగా వచ్చింది. కింది వరుస మాత్రం దుర్యోధనుడి మీసాల మీదకు ఎక్కింది, దానిని కొంచెం కిందకు జరపండి.